పక్కింటి చెట్టు పడి మన గోడ కూలితే: డబ్బు అడుగుతూ ఉత్తరం ఎలా రాయాలి, అందులో ఏ మాట ఎందుకు

2024 ఆగస్టు 9, శ్రావణ శుక్రవారం. రాత్రి పదకొండు దాటాక పెరటి వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. టార్చి పట్టుకుని వెళ్లి చూస్తే పక్కింటి వాళ్ల కొబ్బరిచెట్టు మా ప్రహరీ మీద అడ్డంగా పడి ఉంది. పద్దెనిమిది అడుగుల మేర గోడ నేలమట్టమైంది. మధ్యలో ఉన్న పిల్లరు కూడా మొదలంటా విరిగిపోయింది. దేవుడి దయవల్ల ఆ పక్కన ఎవరూ పడుకుని లేరు.

మాది కోనసీమలో ఒక ఊరు. పక్కింటి పెద్దాయన్ని మేం ఇరవై ఏళ్లుగా బాబాయి గారనే పిలుస్తాం. పొద్దున్నే ఆయన వచ్చి చూసి, బాధపడి, "గాలికి పడితే నేనేం చేస్తానమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటలోనే మొత్తం వ్యవహారం ఉంది. మనం రాయబోయే ఉత్తరం ఆ మాటకే జవాబు చెప్పాలి. కోపంతోనో ఏడుపుతోనో నింపితే ఆ ఉత్తరం పనికిరాదు.

చాలామంది "చెట్టు మీది, గోడ మాది, కాబట్టి డబ్బు కట్టండి" అని రాసి ఊరుకుంటారు. అది చాలదు. అసలు చట్టం ఏమంటుందో ముందు చూద్దాం.

చెట్టు తనదైనంత మాత్రాన యజమాని కట్టాలా?

అక్కర్లేదు. మన కోర్టులు అడిగే ప్రశ్న వేరు. ఆ చెట్టు పడేలా ఉందని యజమానికి తెలుసా? తెలియకపోతే, మామూలు జాగ్రత్త ఉన్న మనిషికి తెలిసి ఉండాల్సిందేనా? తెలిశాక సరిపడా సమయం ఉండి కూడా ఏమీ చేయలేదా? మొదటి రెండింటిలో ఏదో ఒకదానికీ, మూడోదానికీ అవుననే సమాధానం దొరికితే అది అజాగ్రత్త కిందకు వస్తుంది, నష్టం కట్టాలి. దొరకకపోతే అది ఎవరి తప్పూ కాని ప్రమాదం.

దీన్ని అర్థం చేసుకోవడానికి రెండు కేసులు చాలు. మొదటిది 1999లో సుప్రీంకోర్టు తేల్చిన ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ వర్సెస్ సుశీలా దేవి కేసు. రోడ్డు పక్క చెట్టు కొమ్మ విరిగి, స్కూటర్ మీద వెళ్తున్న మనిషి తల మీద పడింది. ఆయన చనిపోయారు. అది ఎండిపోయిన చెట్టు, చూస్తే తెలిసేదే. కాబట్టి చెట్టును చూసుకోవాల్సిన కార్పొరేషనే బాధ్యత వహించాలని కోర్టు చెప్పింది. రెండోది 1926 నాటి ఇంగ్లండు కేసు, నోబుల్ వర్సెస్ హారిసన్. అక్కడా కొమ్మే విరిగి రోడ్డు మీద వెళ్తున్న బండి మీద పడింది. కానీ ఆ కొమ్మలో పగులు లోపల ఉంది, ఎంత పరీక్షగా చూసినా బయటికి కనిపించేది కాదు. అందుకని యజమాని కట్టక్కర్లేదన్నారు. మన కోర్టులు ఇలాంటి విషయాల్లో పాత ఇంగ్లీషు తీర్పులను కూడా చూస్తాయి.

ఈ రెండు కేసుల మధ్య మీ చెట్టు ఎక్కడ నిలుస్తుందో చూసుకోండి. బయటికి కనిపించే జబ్బుతో పడిందా, లేక ఎవరికీ తెలియని కారణంతో పడిందా? పచ్చగా, నిటారుగా, గట్టిగా ఉన్న చెట్టు తుపానుకు వేళ్లతో సహా లేచి పడితే ఈ ఉత్తరం రాయకండి. 1996 నవంబర్ 6 తుపానులో కోనసీమలో తోటలకు తోటలే పడిపోయాయి. ఆ రాత్రి పడిన మంచి చెట్టుకు యజమానిని తప్పు పట్టడం న్యాయం కాదు. అలాంటప్పుడు పక్కవారితో కూర్చుని "చెరి సగం వేసుకుందామా" అని అడగడమే మంచిది. అది అభ్యర్థన అవుతుంది తప్ప హక్కు కాదు.

మొదటి పని: చెట్టు తీసేయకముందు విరిగిన చోటు చూడండి

పొద్దున్నే రంపం పట్టుకుని మనుషులు వస్తారు. వాళ్లను ఒక గంట ఆపండి. అసలు సాక్ష్యం విరిగిన చోటే ఉంటుంది, ముక్కలు చేశాక దొరకదు.

ముందు చూడాల్సింది చెట్టు వేళ్లతో లేచిందా, కాండం మధ్యలో విరిగిందా అన్నది. మట్టితో సహా వేరు బంతి పైకి లేస్తే నేల నానడమో, పెనుగాలో కారణమై ఉండొచ్చు. పక్కన కాలువ కోసమో పునాది కోసమో తవ్వి వేళ్లు నరికారేమో కూడా చూడండి. అలా యజమానే నరికిస్తే అది మళ్లీ ఆయన అజాగ్రత్తే. కాండం విరిగితే లోపల ఏముందో చూడాలి.

మా పక్కింటి చెట్టు నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో విరిగింది. మొద్దులో మూడు వంతులు డొల్ల. లోపల పీచు నమిలి ఉమ్మినట్టు తడితడిగా, గోధుమరంగులో, పులిసిన కల్లు వాసనతో ఉంది. వేలితో తోస్తే రాలిపోతోంది. అందులో లావుపాటి తెల్లటి పురుగులు, పీచు చుట్టుకున్న గూళ్లు దొరికాయి. కొబ్బరి పెంచే ఏ రైతుకు చూపించినా ఎర్రముక్కు పురుగు అంటాడు. ఈ పురుగు ఒక్క రాత్రిలో చెట్టును తినేయదు. కాండం మీద రంధ్రాలు పడతాయి, వాటిలోంచి ఎర్రటి జిగురు కారుతుంది, రంధ్రం దగ్గర నమిలిన పీచు బయటికి వస్తుంది. చెవి ఆనించి వింటే లోపల కొరుకుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. అంటే ఇది చాలా రోజులు బయటికి కనిపించిన జబ్బు. బాబాయి గారి "గాలికి పడితే" అన్న మాటకు జవాబు ఆ డొల్లలోనే దొరికింది.

మీది వేపో, తురాయో, నిద్రగన్నేరో అయితే గుర్తులు వేరుగా ఉంటాయి. ఆకు రాని ఎండుకొమ్మలు, మొదట్లో పుట్టగొడుగులు, ఊడిన బెరడు, చెదలు, ఒక వైపు పెరుగుతూ వచ్చిన వాలు, ఇవి వెతకండి.

ఫోటోలు మూడు రకాలుగా తీయండి. గోడ, చెట్టు, రెండిళ్లు కలిసి కనిపించేలా దూరం నుంచి కొన్ని. విరిగిన చోటు పక్కన కొలత టేపు పెట్టి దగ్గర్నుంచి కొన్ని. చుట్టుపక్కల నిలబడి ఉన్న మిగతా చెట్లవి కొన్ని. ఈ మూడో రకాన్ని అందరూ మర్చిపోతారు. మా విషయంలో అదే వరసలో ఇంకో ఆరు కొబ్బరిచెట్లు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. ఆ రాత్రి వీచిన గాలి ఎంతటిదో ఆ ఆరు చెట్లే చెబుతున్నాయి.

విరిగిన చోటు నుంచి రెండడుగుల ముక్క కోయించి నీడలో దాచండి. మిగతా మొద్దులు, కాయలు, ఆకులు పక్కింటివారివే. మన పెరట్లో పడినంత మాత్రాన మనవి కావు. వాటిని అమ్మినా కాయలు వాడుకున్నా ఆ డబ్బు మన లెక్కలోంచి తగ్గించమని అవతలివాళ్లు అడగొచ్చు, మాట కూడా పోతుంది.

రెండో పని: ఆయనకు ముందే తెలుసని చూపించేది వెతకండి

కేసు బలం దాదాపు అంతా ఇక్కడే ఉంటుంది. నేను జూన్ 14న ఆయనకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాను. "బాబాయి గారూ, మన గోడ పక్క చెట్టుకు కన్నాలు పడి జిగురు కారుతోంది, ఒకసారి చూపించండి" అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. "అలాగేనమ్మా" అని జవాబు కూడా వచ్చింది. దానికి స్క్రీన్‌షాట్ తీసి దాచాను, ఫోన్లో అసలు చాట్ కూడా చెరపలేదు. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే మార్చారని అనొచ్చు, అందుకే చాట్ అలాగే ఉంచాలి.

ఇంకొకటి నాకు అనుకోకుండా దొరికింది. జులైలో కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చిన మనిషి ఆ చెట్టు ఎక్కనన్నాడు. మొద్దు మీద కత్తి వెనక వైపుతో కొట్టి, "బోలుగా మోగుతోందండి, నేనెక్కను" అని బాబాయి గారితోనే అన్నాడు. మా ఆవిడ దొడ్లో బట్టలు ఆరేస్తూ విన్నది. ఆ దింపు మనిషిని కలిసి, ఏ రోజు ఎవరితో ఏమన్నాడో నాలుగు వాక్యాల్లో రాయించి సంతకం చేయించుకున్నాను. రోజూ చెట్లెక్కే మనిషి ప్రాణభయంతో ఎక్కనన్న చెట్టు ప్రమాదమైనదని చెప్పడానికి వేరే నిపుణుడి అవసరం పెద్దగా ఉండదు.

మీరు ముందు ఏమీ చెప్పి ఉండకపోతే కేసు పోయినట్టేమీ కాదు. రోజూ ఆ దారిన నడిచే మనిషికి కనిపించే జబ్బే అయితే "తెలిసి ఉండాల్సింది" అన్న మాట నిలబడుతుంది. కాకపోతే అప్పుడు పాత ఫోటోలు కావాలి. పండగ ఫోటోల్లో, పుట్టినరోజు వీడియోల్లో వెనక ఆ చెట్టు కనిపిస్తుందేమో వెతకండి.

మూడో పని: గోడ ఎవరిదో దస్తావేజులో చూసుకోండి

గోడ పూర్తిగా మన స్థలంలో, మన ఖర్చుతో కట్టిందైతే మొత్తం అడగొచ్చు. ఉమ్మడి గోడైతే మన వాటా మేరకే అడగాలి. దస్తావేజులో హద్దుల దగ్గర "ఉమ్మడి గోడ" అని ఉందా, "మా ప్రహరీ" అని ఉందా చూడండి. మాది 2011లో మేం కట్టిందే, అప్పటి ఇటుకల బిల్లు కూడా ఉంది. ఈ సంగతి చూసుకోకుండా ఉత్తరం రాస్తే అవతలివాళ్లు మొదటి జవాబులోనే "గోడ సగం మాది" అంటారు. అప్పుడు చెట్టు గొడవ కాస్తా హద్దు గొడవ అవుతుంది. అది ఏళ్ల తరబడి సాగే గొడవ.

నాలుగో పని: ఎంత అడగాలి

చెట్టు పడేముందు గోడ ఎలా ఉందో మళ్లీ అలా నిలబెట్టడానికి అయ్యేదే మనకు రావాల్సింది. మాది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, అయిదడుగుల ఎత్తు. ఎటూ కడుతున్నాం కదా అని తొమ్మిది అంగుళాలది కట్టిద్దామని మా అబ్బాయి అన్నాడు. కట్టుకోవచ్చు, కానీ ఎక్కువైన ఖర్చు మనదే. పాత గోడకు బదులు మెరుగైన గోడ పక్కవాడి డబ్బుతో రాదు.

ఇద్దరు తాపీమేస్త్రీల దగ్గర కాగితం మీద అంచనా రాయించుకున్నాను. ఒకాయన 20,250 అన్నాడు, ఇంకొకాయన 23,500. నేను తక్కువదే పట్టుకున్నాను. ఎక్కువది అడిగి బేరంలో తగ్గుదామని అనిపించడం సహజం. కానీ రేపు న్యాయాధికారి ముందు ఆ రెండు కాగితాలూ ఉంటే తక్కువది అడిగిన మనిషి మాటే నిలుస్తుంది.

ఇటుకల లెక్క మీరూ సరిచూసుకోండి. పద్దెనిమిది అడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు అంటే తొంభై చదరపు అడుగులు. ఈ మందం గోడకు చదరపు అడుగుకు అయిదు ఇటుకల చొప్పున 450 పడతాయి. కూలిన గోడలోంచి పగలని ఇటుకలు వందకు పైగా ఏరగలిగాం. అందుకని 350 మాత్రమే కొత్తవి రాశాం. ఇలా నష్టాన్ని వీలైనంత తగ్గించుకోవడం మన బాధ్యత కూడా. పనికొచ్చే ఇటుకలను పారేసి అన్నీ కొత్తవి రాస్తే అవతలివాళ్లు అక్కడే పట్టుకుంటారు.

రంగు ఖర్చు నేను వేయలేదు. గోడకు రంగు వేసి ఆరేళ్లయింది, వెలిసిపోయింది, ఎటూ నేనే వేయించుకోవాల్సింది. టెన్షన్ పడ్డాం, నిద్ర పట్టలేదు, మనశ్శాంతి పోయింది అంటూ దానికో యాభై వేలు కలిపే వాళ్లున్నారు. ఆ అంకె చూడగానే మొత్తం ఉత్తరం మీదే నమ్మకం పోతుంది. ఇంటికి బీమా ఉండి అక్కడ డబ్బు వస్తే, అదే ఖర్చు పక్కవారి దగ్గర మళ్లీ తీసుకోకూడదు.

ఐదో పని: ఉత్తరం

నేను పంపిన ఉత్తరం ఇదే. పేర్లు, చిరునామాలు మాత్రం తీసేశాను.

> తేదీ: 20-08-2024
>
> విషయం: మీ కొబ్బరిచెట్టు పడి మా ప్రహరీ గోడ కూలినందువల్ల కలిగిన నష్టం రూ. 20,250 చెల్లించమని కోరడం.
>
> బాబాయి గారికి నమస్కారం.
>
> 2024 ఆగస్టు 9వ తేదీ రాత్రి సుమారు 11 గంటలకు మీ స్థలంలో ఉన్న కొబ్బరిచెట్టు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో విరిగి మా ప్రహరీ గోడ మీద పడింది. 18 అడుగుల పొడవున గోడ, ఒక పిల్లరు కూలిపోయాయి. ఈ గోడ మా స్థలంలో 2011లో మా ఖర్చుతో కట్టుకున్నది.
>
> విరిగిన చోట కాండం డొల్లగా, పురుగు తిని ఉంది. ఈ చెట్టుకు రంధ్రాలు పడి జిగురు కారుతోందని జూన్ 14న ఫోటోతో సహా మీకు తెలియజేశాను. మీరు "అలాగే" అని జవాబిచ్చారు. జులైలో దింపు మనిషి కూడా చెట్టు బోలుగా ఉందని, ఎక్కలేనని మీతో చెప్పాడు. ఆ తర్వాత కూడా చెట్టుకు మందు వేయించడం గానీ, తీయించడం గానీ జరగలేదు. అదే వరసలో ఉన్న మిగతా ఆరు చెట్లకు ఆ రాత్రి ఏమీ కాలేదు. కాబట్టి గోడ కూలడానికి కారణం గాలి ఒక్కటే కాదని, ప్రమాదం తెలిసి కూడా చెట్టును అలాగే ఉంచడమని నా అభిప్రాయం.
>
> గోడను మునుపటిలా కట్టడానికి అయ్యే ఖర్చు:
> ఇటుకలు 350, ఒక్కోటి రూ. 9 చొప్పున: రూ. 3,150
> సిమెంటు 5 బస్తాలు, రూ. 360 చొప్పున: రూ. 1,800
> ఇసుక, రవాణాతో: రూ. 1,800
> తాపీమేస్త్రి 4 రోజులు, రూ. 1,100 చొప్పున: రూ. 4,400
> కూలీలు ఇద్దరు, 4 రోజులు, రూ. 700 చొప్పున: రూ. 5,600
> కూలిన ముక్కలు తరలించే ట్రాక్టరు: రూ. 1,500
> గోడ మీది చెట్టు కోయించిన కూలి: రూ. 2,000
> మొత్తం: రూ. 20,250
>
> ఆగస్టు 27వ తేదీ వరకు గోడ పని మొదలుపెట్టను. మీరు గానీ, మీకు నమ్మకమైన మేస్త్రి గానీ వచ్చి కొలతలు, ధరలు చూసుకోవచ్చు. మీ మేస్త్రితోనే ఇదే కొలతలకు గోడ కట్టించి ఇచ్చినా నాకు సమ్మతమే. చెట్టు మొద్దులు, కాయలు మీవే. మా పెరట్లో ఒక పక్కన పెట్టించాము, ఆ తేదీలోగా తీసుకువెళ్లగలరు. విరిగిన చోటు నుంచి కోసిన ముక్క మాత్రం చూపించడానికి నా దగ్గర ఉంచుకున్నాను.
>
> ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా పై మొత్తం చెల్లించమని, లేదా మీ అభ్యంతరాలు రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. అలా జరగకపోతే మండల న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకుని, అవసరమైతే సివిల్ కోర్టులో దావా వేస్తాను.
>
> జతపరిచినవి: ఫోటోలు 9, జూన్ 14 నాటి సందేశం ప్రతి, మేస్త్రీల అంచనాలు 2.
>
> ఇట్లు,

ఆ వాక్యాలు అలా ఎందుకు రాశాను

"బాబాయి గారికి" అన్న పిలుపు మార్చలేదు. ఉత్తరం కదా, "శ్రీ ఫలానా గారికి" అని రాయమని మా ఆవిడ అంది. ఇరవై ఏళ్ల పిలుపు ఒక్కసారిగా తీసేస్తే అడిగిన డబ్బుకంటే అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. అంకెలూ తేదీలూ గట్టిగా ఉన్నప్పుడు పిలుపులో మెత్తదనం వల్ల ఉత్తరం బలహీనపడదు. చట్టరీత్యా కూడా దానితో ఏ నష్టమూ లేదు.

మొదటి పేరాలో తప్పొప్పుల మాటే లేదు, జరిగింది మాత్రమే ఉంది. ఆ పేరాలో ఆయన కాదనగలిగిందేమీ ఉండకూడదు. కోపంతో "మీ నిర్లక్ష్యం వల్ల" అని అక్కడే మొదలుపెడితే చదివేవారు మొదటి వాక్యం నుంచే వాదనకు దిగుతారు.

రెండో పేరాలో వరస ముఖ్యం. జబ్బు ఉంది, అది ఆయనకు తెలుసు, సమయం ఉంది, ఏమీ చేయలేదు, గాలి మామూలుదే. పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ అక్కడ జవాబు దొరుకుతుంది. జూన్ 14 నుంచి ఆగస్టు 9 వరకు యాభై ఆరు రోజులు. పది రోజులే అయి ఉంటే "మనుషులు దొరకలేదు" అన్న మాట చెల్లేది. "గాలి ఒక్కటే కాదు" అనే రాశాను, "గాలి కాదు" అనలేదు. గాలి వీచిన మాట నిజం. ఉన్నదాన్ని లేదంటే మిగతా నిజాలకు కూడా విలువ పోతుంది.

అవతలివాళ్లు "చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, వాల్టా చట్టం ఉంది" అనొచ్చు. ఆ 2002 నాటి చట్టం చెట్ల నరికివేతకు అనుమతి అడిగే మాట నిజమే. దానికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: అనుమతి కోసం దరఖాస్తు పెట్టారా? పెట్టి, జవాబు కోసం ఎదురుచూస్తుండగా చెట్టు పడితే ఆయన వైపు న్యాయం ఉన్నట్టే. అసలు అడగనే లేదంటే ఆ చట్టం ఆయనకు అండ కాదు. చెట్టు కొట్టకుండా మందు వేయించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కూడా.

వచ్చి చూసుకోమని వారం గడువు ఇవ్వడం మర్యాద కోసం మాత్రమే కాదు. మనం గోడ కట్టేశాక "అంత కూలలేదు, ధరలు పెంచి వేశారు" అంటే నిరూపించడం కష్టం. అవకాశం ఇచ్చినా రాలేదంటే ఆ మాట ఆయన అనలేరు. ఈలోగా పశువులు రాకుండా కర్రలు పాతి తడక కట్టుకోవడం లాంటివి చేసుకోవచ్చు.

ఉత్తరంలో తగ్గింపు మాట రాయలేదు. "కనీసం సగమైనా ఇవ్వండి" అని ఒక్కసారి రాస్తే ఆ సగమే ఇక పైఅంకె అవుతుంది. బేరాలు నోటితో, అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవాలి.

పోలీసు కేసు మాట కూడా ఎత్తలేదు. చెట్టు పడి గోడ కూలడం సివిల్ వ్యవహారం. కావాలని పడేస్తే తప్ప అందులో నేరం లేదు. డబ్బు రాబట్టడానికి క్రిమినల్ కేసు పేరు చెప్పి బెదిరిస్తే ఆ కాగితం మన మీదకే తిరుగుతుంది. నిజంగా చేయగలిగిందీ, చేసేదీ మాత్రమే రాయాలి.

ఆరో పని: పంపడం, ఆ తర్వాత

చేతికిచ్చి, రెండో ప్రతి మీద "అందింది" అని సంతకం తీసుకుంటే సరిపోతుంది. సంతకం చేయరనిపిస్తే పోస్టులో పంపండి. నేను రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో పంపాను. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టులోనే పంపి, అందినట్టు రుజువు కావాలని కౌంటర్లో అడగండి. రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు రెండూ దాచండి. కవరు తీసుకోకుండా తిప్పి పంపితే దాన్ని విప్పకండి. పోస్ట్‌మ్యాన్ రాసిన మాటతో సహా ఆ మూసిన కవరే మనకు సాక్ష్యం. పంపే ముందు ఇంటికెళ్లి "ఇలా ఒక ఉత్తరం పంపుతున్నానండి" అని చెప్పి రండి. పోస్ట్‌మ్యాన్ చేతిలో చూసి ఉలిక్కిపడటం కంటే మన నోట వినడం నయం.

జవాబు రాకపోతే వెంటనే దావా అక్కర్లేదు. కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వొచ్చు. దావా వేయకముందే రాజీకి పిలిచే పద్ధతి ఇది, దీనికి కోర్టు ఫీజు లేదు. వాళ్లు ఇద్దరికీ నోటీసులిచ్చి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో ఒప్పుకుని సంతకాలు చేస్తే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ అంత బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కానీ అవతలి మనిషి ఒప్పుకోకపోతే అక్కడ తీర్పు ఇవ్వరు. అప్పుడు ఆ ప్రాంతపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయాలి. అజాగ్రత్త వల్ల కలిగిన ఇలాంటి నష్టానికి దావా వేయడానికి మూడేళ్ల గడువుంది, గోడ కూలిన రోజు నుంచి లెక్క. ఉత్తరాలు రాస్తూ కూర్చున్నంత మాత్రాన ఆ గడువు పెరగదు. ఇరవై వేల కోసం కోర్టుకెక్కితే వకీలు ఖర్చు, తిరుగుళ్లు కలిపి ఎంతవుతుందో కూడా ముందే అడిగి తెలుసుకోండి.

మా విషయం అంతవరకు వెళ్లలేదు. అయిదో రోజు బాబాయి గారు తన మేస్త్రిని తీసుకొచ్చారు. దాచిన మొద్దు ముక్క చూపించాను. ఆయన దాన్ని చేత్తో తడిమి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకే అభ్యంతరం చెప్పారు. పదమూడేళ్ల గోడకు మొత్తం కొత్త గోడ ఖరీదు అడుగుతున్నావన్నారు. అందులో న్యాయం ఉంది. 17,000కు ఒప్పుకున్నాం. సగం ఆ రోజే, మిగతా సగం వినాయక చవితి వెళ్లాక.

ఒప్పుకున్నది కాగితం మీద పెట్టడం మరవకండి. మొదటి వాయిదాకు ఇచ్చిన కాగితంలో మొత్తం ఎంత, ఎంత అందింది, మిగతాది ఏ తేదీకి అన్నవి రాశాను. రెండో వాయిదా అందాక ఇలా రాసి ఇద్దరం సంతకాలు చేశాం: "2024 ఆగస్టు 9న చెట్టు పడి గోడ కూలిన విషయంలో మొత్తం రూ. 17,000 ముట్టినది. ఈ విషయంలో నాకు ఇకపై రావలసినది ఏమీ లేదు. గోడ మీద గానీ హద్దు మీద గానీ ఈ చెల్లింపు వల్ల ఎవరి హక్కూ మారదు." ఆ చివరి వాక్యం బాబాయి గారు అడిగితే చేర్చింది. డబ్బు కట్టారు కాబట్టి గోడలో తమకూ వాటా ఉందని వాళ్ల పిల్లలు ఎప్పుడైనా అంటారేమోనని ఆయనకే తోచింది.